ఇంజురీ రిపోర్ట్‌ని తెలుగులో రాయడం ఎలా: కంట్యూజన్, లాసరేషన్, గ్రీవస్ హర్ట్ ఇంట్లోవాళ్లకీ కోర్టుకీ తేడా లేకుండా

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. గొడవ జరిగింది, ఠాణా నుంచి కాగితం ఇచ్చి హాస్పిటల్‌కి పంపారు, డాక్టర్ ఇంగ్లీషులో ఇంజురీ రిపోర్ట్ రాశారు, పోలీసు కాగితాలేమో ఒడియాలో ఉన్నాయి, ఇంట్లోవాళ్లకి తెలుగు తప్ప ఇంకోటి చదవడం రాదు, దీన్ని తెలుగులో ఎలా రాయాలి అని. రాయడం పెద్ద కష్టమేం కాదు కానీ ఒక్క మాట అటుఇటు అయితే ఇంట్లోవాళ్లు ఒకటి అనుకుంటారు, సాక్షి కోర్టులో ఇంకోటి చెప్తాడు, అవతలి లాయర్ అక్కడే పట్టుకుంటాడు.

రిపోర్ట్‌లో మూడు గొంతులు ఉంటాయి. దెబ్బ తిన్నవాళ్లు చెప్పింది ఒకటి, డాక్టర్ కంటితో చూసి కొలిచింది ఒకటి, దాని మీద డాక్టర్ ఇచ్చిన అభిప్రాయం ఒకటి. తెలుగులో కూడా ఈ మూడూ విడివిడిగానే కనపడాలి. నేను చూసిన చెడ్డ అనువాదాల్లో చాలావరకు చెడింది ఈ మూడూ కలిపేయడం వల్లే, మాటలు తెలియక కాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

రిపోర్ట్ కాపీ అన్ని పేజీలు, వెనక వైపు కూడా (అభిప్రాయం చాలాసార్లు వెనక్కి పోతుంది). ఠాణా నుంచి డాక్టర్‌కి రాసిన రిక్విజిషన్ కాపీ దొరికితే అది కూడా. ఎక్స్‌రే రిపోర్ట్, తర్వాత ఇచ్చిన సప్లిమెంటరీ రిపోర్ట్ ఉంటే అవి. మనిషి బొమ్మ ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి గీసిన తెల్ల కాగితం, చేత్తో గీసినా చాలు, చివర్లో దాంతో పనుంది. ఒడియా చదవగలిగే మనిషి ఒకరు, ఎందుకంటే రిక్విజిషన్‌లో తేదీ, కేసు నంబర్ ఒడియా అంకెల్లో ఉండొచ్చు, ఒడియా నాలుగు మన కంటికి 8 లా కనిపిస్తుంది, అక్కడ తప్పు చదివితే తేదీయే మారిపోతుంది.

కాపీ లేకపోతే కంగారు పడకండి. చార్జిషీట్ పడ్డాక నిందితుడికీ, లాయర్ ఉన్న బాధితుడికీ పోలీసు కాగితాల కాపీలు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, 230 సెక్షన్ చెప్తోంది, నిందితుడు హాజరైన 14 రోజుల లోపే. మీ లాయర్‌ని అడగండి.

1. ముందు మొత్తం చదవండి, ఏ లైన్ ఎవరి మాటో గుర్తు పెట్టండి

పెన్సిల్‌తో పక్కన "చెప్పింది", "చూసింది", "అభిప్రాయం" అని రాసుకుంటూ పోండి. "అలెజ్డ్ హిస్టరీ ఆఫ్ అసాల్ట్" అని మొదలయ్యేది చెప్పింది. దాన్ని "ఫలానావాళ్లు కర్రతో కొట్టారు" అని రాసేస్తే డాక్టరే నిర్ధారించినట్టు అయిపోతుంది, "కర్రతో కొట్టారని గాయపడిన వ్యక్తి చెప్పారు" అని రాయాలి. ఈ "అని చెప్పారు" అన్న ముక్క తీసెయ్యమని ఇంట్లోవాళ్లు అడుగుతారు, అనుమానించినట్టుంది అని వాళ్ల బాధ, కానీ డాక్టర్ అక్కడ లేడు కదా, ఎవరి రిపోర్ట్‌లోనైనా అలాగే రాస్తారు అని వాళ్లకి సర్దిచెప్పండి.

"స్మెల్ ఆఫ్ ఆల్కహాల్ ప్రెజెంట్" అని ఉంటే "మందు వాసన వస్తోంది" అంతే. "తాగి ఉన్నాడు" కాదు, అలాగని వదిలెయ్యడమూ కాదు.

2. గాయం రకానికి సరైన మాట పెట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. మనం ఇంట్లో "దెబ్బ తగిలింది, తెగింది, పగిలింది" అని అన్నిటికీ వాడేస్తాం, కానీ రిపోర్ట్‌లో ఒక్కో పేరు దేనితో తగిలిందో కూడా చెప్తుంది.

అబ్రేజన్ అంటే దోక్కుపోవడం, చర్మం పైపొర మాత్రమే గీరుకుపోవడం. "గీరుకుపోయిన గాయం" అని రాయండి.

కంట్యూజన్ అంటే కమిలిన గాయం. పైన చర్మం తెగదు, లోపల సన్న రక్తనాళాలు చితికి రక్తం చేరి రంగు మారుతుంది. "వాపు" అని రాయొద్దు, వాపు వేరు, రిపోర్ట్‌లో స్వెల్లింగ్ అని విడిగా ఉంటుంది. హెమటోమా అని ఉంటే రక్తం ఒకచోట గూడు కట్టడం, తల మీద అయితే మనం బొప్పి కట్టింది అనేది అదే.

లాసరేషన్ దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. మొద్దు వస్తువు బలంగా తగిలి చర్మం చిట్లిపోవడం, అంచులు వంకరటింకరగా, నలిగినట్టు ఉంటాయి. "చిట్లిన గాయం" అని రాయండి. "కోసుకున్న గాయం", "గాటు", "తెగిన గాయం" అని రాయకండి, అవి ఇన్సైజ్డ్ వూండ్‌కి, అంటే కత్తి, బ్లేడు లాంటి పదునైన దానితో పడే దానికి. స్టాబ్ అంటే పొడుపు గాయం, పొడవు వెడల్పుల కంటే లోతు ఎక్కువ. సీఎల్‌డబ్ల్యూ అని పొట్టిగా రాస్తే కమిలి చిట్లిన గాయం అని, అందులో కూడా కత్తి లేదు.

తలకి తగిలినప్పుడు ఇంకో చిక్కు. "తల పగిలింది" అని మనం మామూలుగా అనేది తల చర్మం చిట్లడాన్నే, కానీ కాగితం మీద అలా రాస్తే పుర్రె పగిలిందని చదువుతారు. "తల చర్మం చిట్లింది" అని రాయండి. "బోన్ డీప్" అని ఉంటే "ఎముక దాకా లోతు", ఎముక విరిగిందని కాదు. ఫ్రాక్చర్ ఉంటే డాక్టర్ విడిగా రాస్తారు, లేదా # గుర్తు పెడతారు. సన్న బీట పడినా ఫ్రాక్చరే, "ఎముక చిట్లింది, విరిగింది" రెండూ మనకి వేరుగా వినిపిస్తాయి కానీ చట్టానికి తేడా లేదు. డిస్‌లొకేషన్ అంటే కీలు తప్పడం, స్ప్రెయిన్ అంటే బెణకడం, ఈ రెండూ కలిపేస్తే మాత్రం కేసే మారిపోతుంది, ఎందుకో ఐదో స్టెప్‌లో చూడండి.

టెండర్‌నెస్ అంటే నొక్కితే నొప్పి, ఊరికే "నొప్పి" కాదు. నొప్పిగా ఉందని పేషెంట్ చెప్పడం వేరు, డాక్టర్ చెయ్యి వేసి నొక్కి చూడడం వేరు, మళ్లీ అదే చెప్పింది, చూసింది తేడా.

3. కొలతలు, పక్కలు, రంగు ఉన్నవి ఉన్నట్టే

5 × 1 సెం.మీ. అంటే ముందు పొడవు, తర్వాత వెడల్పు, మూడోది ఉంటే లోతు. అంగుళాల్లోకి మార్చొద్దు, "సుమారు" అని మీరు కలపొద్దు. 0.5లో చుక్క కనపడక 5 అయిపోవడం చూశాను, అనుమానం ఉంటే వెలుతురులో పెట్టి చూడండి. కుడి ఎడమ పేషెంట్‌వి, ఎదురుగా నిలబడి చూసే మనవి కాదు.

కంట్యూజన్ రంగు తప్పకుండా రాయాలి. ఎర్రగా మొదలై ఒకటి రెండు రోజుల్లో నీలం తిరుగుతుంది, నాలుగో రోజుకి నలుపు కలిసిన నీలం, ఐదారు రోజులకి ఆకుపచ్చ, వారం దాటాక పసుపు, రెండు వారాలకి మామూలు. మనిషిని బట్టి, చోటుని బట్టి మారుతుంది కానీ లెక్క ఇదీ. అందుకని నిన్న రాత్రి గొడవ అని చెప్తున్న కేసులో ఒక కమిలిన మచ్చ ఆకుపచ్చగా ఉంటే అది పాత దెబ్బ అయ్యుండొచ్చు, కోర్టు అడిగేది అదే. మీరు "నల్లగా కమిలింది" అని అలవాటు మాట రాసేస్తే ఉన్న ఆధారం పోయినట్టే.

అర్థం కాని చోట ఊహించొద్దు, (చదవడం కుదరలేదు) అని రాసి ఆ లైన్ నంబర్ వెయ్యండి. వీలైతే ఆ హాస్పిటల్ రికార్డు సెక్షన్‌లో అడగొచ్చు.

4. ఒక రిపోర్ట్ రాసి చూద్దాం

ఇది ఉదాహరణకి నేను కూర్చింది. గుణుపూర్ దగ్గర ఒక ఊళ్లో పొలం గట్టు దగ్గర గొడవ, 42 ఏళ్ల రైతు, సాయంత్రం దెబ్బలు తగిలాయి, రాత్రి 7:40కి డాక్టర్ చూశారు. ఇంట్లోవాళ్లు ఫిర్యాదులో గొడ్డలితో తల మీద కొట్టారని రాయించారు. రిపోర్ట్ తెలుగులో ఇలా వస్తుంది:

*గొడ్డలితోనూ కర్రతోనూ కొట్టారని గాయపడిన వ్యక్తి చెప్పారు.*

*గాయం 1: చిట్లిన గాయం, 5 సెం.మీ. × 1 సెం.మీ. × ఎముక దాకా లోతు, తల ఎడమ పక్క, చెవికి పై భాగంలో. అంచులు సమానంగా లేవు. రక్తం కారుతోంది.*

*గాయం 2: కమిలిన గాయం, 10 సెం.మీ. × 2 సెం.మీ., ఎడమ భుజం వెనక. ఎరుపు రంగు. రెండు సమాంతర గీతలుగా ఉంది, మధ్యలో చర్మం మామూలుగా ఉంది.*

*గాయం 3: గీరుకుపోయిన గాయం, 3 సెం.మీ. × 2 సెం.మీ., కుడి మోచెయ్యి.*

*గాయం 4: వాపు, నొక్కితే నొప్పి, ఎడమ ముంజేయి కింది భాగం, చిటికెన వేలి వైపు. ఎక్స్‌రే తీయించమని సూచించారు.*

*అభిప్రాయం: 1, 2, 3 గాయాలు సాధారణమైనవి, గట్టి మొద్దు వస్తువుతో తగిలినవి. గాయాల వయసు 6 గంటల లోపు. 4వ గాయం గురించి అభిప్రాయం ఎక్స్‌రే వచ్చేవరకు ఆపి ఉంచాను.*

దీన్ని చదివి వినిపించగానే ఇంట్లోవాళ్లు రెండు చోట్ల గొడవ పెడతారు. మొదటిది, గొడ్డలి అన్నాం కదా, మొద్దు వస్తువు అంటాడేంటి, డాక్టర్‌ని కొనేశారు అని. ఆగండి. గొడ్డలి వెనక వైపుతో కొడితే అది మొద్దు వస్తువే, కర్రతో కొట్టినట్టే చర్మం చిట్లుతుంది. ఇంకోటి, తల మీద చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కాబట్టి కర్ర దెబ్బకి కూడా కోసినట్టు తిన్నగా చిట్లవచ్చు, పైకి చూస్తే కత్తి దెబ్బే అనిపిస్తుంది. డాక్టర్ లోపల చూస్తాడు: వెంట్రుకలు నలిగాయా తెగాయా, అంచులు కమిలాయా, గాయం లోపల ఒక అంచు నుంచి ఇంకో అంచుకి సన్న పోగులు మిగిలాయా. పదునైన దానితో కోస్తే ఆ పోగులు మిగలవు. కాబట్టి రిపోర్ట్ గొడ్డలి లేదని చెప్పట్లేదు, పదును వైపు తగిలినట్టు లేదు అంటోంది, అంతే. మీరు "గొడ్డలి గాటు" అని రాసిపెట్టి, సాక్షి అదే బట్టీపట్టి చెప్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో డాక్టర్ మాటా సాక్షి మాటా కొట్టుకుంటాయి, నష్టం మీకే.

రెండో గాయంలో ఆ రెండు గీతల ముక్క వదిలెయ్యకండి, చిన్నదని. కర్ర లాంటి గుండ్రటి పొడవాటి వస్తువు గట్టిగా తగిలితే రక్తం రెండు పక్కలకీ తోసుకుపోయి మధ్యలో తెల్లగా ఉండి అటూ ఇటూ గీతలు పడతాయి. కర్ర సంగతి ఆ గీతలే చెప్తున్నాయి.

5. సింపుల్, గ్రీవస్ దగ్గర మీ అభిప్రాయం కలపొద్దు

ఇంట్లోవాళ్ల రెండో గొడవ ఇది. తల మీద అంత పెద్ద గాయం, కుట్లు పడ్డాయి, దాన్ని "సాధారణం" అంటారా అని. ఇక్కడ సాధారణం అంటే చిన్నదని కాదు, చట్టం చెప్పిన జాబితాలో లేదని. ఆ జాబితా భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, 116 సెక్షన్‌లో ఉంది, ఎనిమిది రకాలు: పుంసత్వం పోవడం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, ఏదైనా అవయవం లేదా కీలు పోవడం, దాని శక్తి శాశ్వతంగా దెబ్బతినడం, తల లేదా ముఖం శాశ్వతంగా వికారమవడం, ఎముక లేదా పన్ను విరగడం లేదా తప్పడం, ఎనిమిదోది ప్రాణాపాయం తెచ్చే గాయం లేదా 15 రోజుల పాటు తీవ్రమైన శరీర నొప్పి ఉండడం లేదా మామూలు పనులు చేసుకోలేకపోవడం.

అందుకే తల మీద 5 సెం.మీ. చిట్లిన గాయం సాధారణం అవుతుంది, వేలి ఎముకలో సన్న బీట మాత్రం గ్రీవస్ అవుతుంది. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ లెక్క అదే. గ్రీవస్ హర్ట్‌ని "తీవ్ర గాయం (చట్ట ప్రకారం, బీఎన్ఎస్ 116)" అని రాయండి, బ్రాకెట్‌లో సెక్షన్ లేకపోతే పేపర్లో రాసే "తీవ్ర గాయాలపాలయ్యాడు" లాగా చదివేస్తారు. "ప్రాణాపాయం" అని రాయొద్దు, అది ఎనిమిదో రకంలో ఒక ముక్క మాత్రమే.

తేదీ చూసుకోండి. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటన అయితే పాత ఐపీసీ 320 వర్తిస్తుంది, అందులో 15 కాదు 20 రోజులు. ఇంకో పొరపాటు, హాస్పిటల్‌లో 15 రోజులు పడుకుంటే గ్రీవస్ అయిపోతుంది అనుకుని డిశ్చార్జ్ వద్దని కూర్చోవడం. బెడ్ మీద ఉండడం ఒక్కటే సరిపోదు, తీవ్రమైన నొప్పి ఉందా, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోయాడా అన్నది చూస్తారు.

ఇది ఎందుకింత ముఖ్యమంటే శిక్ష దీని మీద ఆధారపడి ఉంది. మామూలు హర్ట్ 115(2) కింద ఏడాది దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా లేదా రెండూ, గ్రీవస్ అయితే 117(2) కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆయుధం వాడితే 118 సెక్షన్ వస్తుంది, అది లాయర్ చూసుకుంటాడు. అనువాదంలో సెక్షన్ మీరు తగిలించొద్దు, డాక్టర్ రాసిన మాట వరకే.

6. "ఆపి ఉంచాను" అన్నదాన్ని వెంటాడండి

మన ఉదాహరణలో నాలుగో గాయం ఇంకా తేలలేదు. దీన్ని "సాధారణం" కింద కలిపేసే వాళ్లున్నారు, అప్పుడు ఇంట్లోవాళ్లు అన్నీ సింపులే అని ఊరుకుంటారు, ఎక్స్‌రే ఎవరూ పట్టించుకోరు. అసలు ఆ కేసులో ఉన్నదంతా అక్కడే ఉంది. తల మీదకి వస్తున్న దెబ్బకి చెయ్యి అడ్డం పెడితే ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక మీద పడుతుంది, అది విరిగిందని ఎక్స్‌రేలో వస్తే ఏడో రకం కింద గ్రీవస్. దగ్గర్లో ఎక్స్‌రే లేక రాయగడకో బరంపురానికో పంపితే ఆ ప్లేటూ రిపోర్టూ తిరిగి మొదటి డాక్టర్ దగ్గరికి చేరాలి, ఆయన సప్లిమెంటరీ ఒపీనియన్ ఇవ్వాలి. పాతపట్నం, పార్వతీపురం వైపు దాటి ప్రైవేటులో తీయించుకున్నా ఆ కాగితం దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంట్లో బీరువాలో పెడితే లాభం లేదు.

అనువాదం చివర ఒక లైన్ వెయ్యండి: "4వ గాయం మీద తుది అభిప్రాయం ఈ కాగితంలో లేదు." సప్లిమెంటరీ వచ్చాక దాన్ని వేరే కాగితంగా అనువదించండి, పాతదాంట్లో దిద్దొద్దు.

7. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట లెక్క. ఇంగ్లీషులో ఎన్ని గాయాల నంబర్లు ఉన్నాయో తెలుగులో అన్నీ ఉన్నాయా, అంకెలన్నీ వేలు పెట్టి ఒకటొకటి పోల్చండి.

తర్వాత ఆ మనిషి బొమ్మ. ఇంగ్లీషు రిపోర్ట్ చూడని మనిషికి మీ తెలుగు మాత్రమే ఇచ్చి ఎక్కడ ఏ గాయమో బొమ్మ మీద గుర్తు పెట్టమనండి. తర్వాత అసలు రిపోర్ట్‌తో పోల్చండి. మోచెయ్యి, ముంజేయి తారుమారైనా, కుడి ఎడమైనా ఇక్కడ దొరికిపోతుంది. మీకు మీరే చదువుకుంటే మాత్రం దొరకదు, కళ్లు తెలిసిన మాటనే చదివేస్తాయి.

చివరగా ఇంకో మూడు ప్రశ్నలు అదే మనిషిని అడగండి: దేనితో కొట్టారని డాక్టర్ అన్నాడు? ఎముక విరిగిందా? గొడవ డాక్టర్ చూశాడా? మన ఉదాహరణకి సరైన జవాబులు: గట్టి మొద్దు వస్తువు, ఇంకా తెలీదు, లేదు. "గొడ్డలి" అనో "విరిగింది" అనో వస్తే ఆ లైన్ తిరిగి రాయండి.

8. కోర్టుకి ఇచ్చేటప్పుడు

ఇంట్లోవాళ్ల కోసం రాసిన కాగితం మీద "సమాచారం కోసం మాత్రమే, అసలు రిపోర్ట్ ఇంగ్లీషులో ఉంది" అని పైనే వెయ్యండి. ఒడిశా కోర్టులో నడిచే కేసుకి తెలుగు కాగితం దాఖలు చెయ్యాల్సిన పని మామూలుగా రాదు, అది సాక్షులకీ ఇంట్లోవాళ్లకీ. ఘటన రాష్ట్ర సరిహద్దు అవతల జరిగి కేసు ఆంధ్ర వైపు కోర్టులో ఉంటే లాయర్ తెలుగు అనువాదం అడగొచ్చు, అప్పుడు ప్రతి పేజీ మీద సంతకం, చివర మీ పేరు, తేదీ, "నాకు రెండు భాషలూ తెలుసు, ఉన్నది ఉన్నట్టు రాశాను" అన్న మాట, వెనక ఇంగ్లీషు కాపీ జత చెయ్యండి. అఫిడవిట్ కావాలా వద్దా అన్నది లాయర్ చెప్తాడు. గాయపడినవాళ్ల దగ్గరి చుట్టం అయితే ఈ కాపీ మీరు రాయకపోవడమే మంచిది, ఇంకెవరితోనైనా రాయించి మీరు బొమ్మ మీద చెక్ చెయ్యండి.